సారాయి పోయింది, కాపలా పోలేదు

తాగుడు గురించి మన సంఘాల్లో మాట్లాడే పద్ధతి ఒకటి స్థిరపడిపోయింది. ఎన్ని షాపులు పెట్టారు, ఎన్ని కాపురాలు కూలాయి, ఎంతమంది నలభై దాటకముందే పోయారు అని లెక్క చెబుతాం. షాపులు మూయించాలని తీర్మానం చేస్తాం, చప్పట్లు కొట్టి ఇళ్ళకు పోతాం. ఆ లెక్కలో తాగినవాడు ఉంటాడు, దెబ్బలు తిన్న భార్య ఉంటుంది, షాపుకు లైసెన్సు ఇచ్చిన ప్రభుత్వం ఉంటుంది. గాదె చాటున నక్కి చప్పుళ్ళు విన్న పిల్లలు మాత్రం ఉండరు. ఆ పిల్లలం ఇప్పుడు మనమే. టీచర్లమయ్యాం, కానిస్టేబుళ్ళమయ్యాం, సచివాలయాల్లో ఉద్యోగాలు చేస్తున్నాం, తీర్మానాల కింద సంతకాలు కూడా పెడుతున్నాం. మన ఒంట్లో ఉన్న కాపలావాడు మాత్రం ఈ రోజు దాకా డ్యూటీ దిగలేదు. ఈ వ్యాసం వాడి గురించి.

బద్వేలు నుంచి తూర్పుగా వెలికొండలు దాటితే నెల్లూరు జిల్లా. 1992లో ఆ జిల్లాలోని దూబగుంటలో ఆడవాళ్ళు సారాయి కొట్టు మూయించారు. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్ళు వాచకంలో సీతమ్మ కథ చదివి, అది తమ కథేనని గుర్తుపట్టి కదిలారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఊరూరా సారాయి వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారాయి నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది ఎత్తేశారు. అప్పటినుంచి షాపు ఒకసారి ప్రైవేటువాళ్ళ చేతికి, ఒకసారి ప్రభుత్వం చేతికి మారుతూనే ఉంది. ఈ చరిత్ర మన టీచర్లందరికీ తెలుసు, పిల్లలకు పాఠంగా కూడా చెబుతాం. 1992లో పదేళ్ళున్న పిల్లకు ఇప్పుడు నలభై దాటాయి. ఆ పిల్ల ఏమైందని ఇన్నేళ్ళలో ఎవరమూ అడగలేదు. ఉద్యమం గెలిచిన రోజున ఆ పిల్ల చెవులు కూడా నిమ్మళించాయని అందరం అనుకున్నాం. అవి నిమ్మళించలేదు.

ఆ కాపలా ఎట్లా పుడుతుందో ముందు తెలుసుకోవాలి. మాకు బాగా తెలిసిన ఒకామె సంగతి చెబుతాం, పేరు అవసరం లేదు. బద్వేలు పక్క తండాలో పుట్టింది. తొమ్మిదేళ్ళకే ఆ పిల్లకు నాయన సైకిలు చప్పుడు చదవడం వచ్చు. స్టాండు టక్కుమని పడితే ఆ రోజు తక్కువే తాగాడని అర్థం, సంగటి పెట్టొచ్చు. సైకిలు గోడకు ఆనిస్తే మధ్యస్తం, నోరెత్తకుండా ఉండాలి. సైకిలు కింద పడేస్తే ఇంక టైము లేదు. తమ్ముడిని వెనక దావన జేజి ఇంటికి పంపాలి, కత్తిపీట గడ్డివామిలోకి పోవాలి, రోకలి మంచం కిందికి పోవాలి, పుస్తకాల సంచి చూరులో దోపాలి. ఇదంతా సైకిలు పడిన చోటునుంచి నాయన గడప దగ్గరికి వచ్చేలోపల, అంటే నిమిషం కూడా పట్టని కాలంలో జరగాలి. ఎవరూ నేర్పలేదు, ఆ పిల్ల ఒళ్ళే నేర్చుకుంది.

దాన్ని భయం అని ఒక్క మాటలో తేల్చేస్తే తప్పు. అది పనితనం. లంకమల అడవిలో ఆకు చప్పుడును బట్టి జంతువును గుర్తుపట్టిన పెద్దల పనితనం లాంటిదే. ఆ తొమ్మిదేళ్ళ పిల్ల దానితోనే తమ్ముడిని కాపాడింది. కాబట్టి ఇట్లా పెరిగిన మనల్ని ఎవరైనా పిరికివాళ్ళు, అనుమానపు మనుషులు, ఊరకే ఉలిక్కిపడేవాళ్ళు అంటే ఒప్పుకోకూడదు. ఒప్పుకోకపోవడానికి మనకు ఇంకో కారణం కూడా ఉంది. ఎరుకలవాళ్ళు మందిలో చూపులు దాస్తారని, సుగాలోళ్ళు ఒకచోట నిమ్మళంగా కూర్చోరని ఊరివాళ్ళు అనడం విన్నవాళ్ళమే మనం. నేరస్త జాతుల చట్టం రద్దయ్యేదాకా ఎరుకల తాతలు పోలీసు పిలుపుకు హాజరు చెప్పుకున్నారు. తలుపు మీద చప్పుడైతే లేచి నిలబడడం ఆ ఇళ్ళలో ఒక తరం చట్టం వల్ల నేర్చుకుంటే, మరో తరం సారాయి వల్ల నేర్చుకుంది. ఇందులో జాతి గుణం ఏమీ లేదు. బయటివాళ్ళు ఏ ఇంట్లో ఆ చప్పుడు పుట్టించినా ఆ ఇంటి పిల్లలు ఇట్లాగే తయారవుతారు.

ఆ పిల్ల ఇప్పుడు నర్సు. వార్డులో పన్నెండో మంచం మీది మనిషి ఊపిరి మారితే డాక్టరు కంటే ముందు ఆమెకే తెలుస్తుంది. అందరూ మెచ్చుకుంటారు. ఆమె ఇబ్బంది ఆసుపత్రిలో లేదు, ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఉంది. భర్త తాగడు, గొంతు పెంచడు. అన్నం తిని నడుం వాలుస్తాడు. బిడ్డ అరుగు మీద ఆడుకుంటూ ఉంటుంది. వీధిలో మనిషి అలికిడి ఉండదు. సరిగ్గా అప్పుడే ఆమెకు గుండె దడ మొదలవుతుంది, దవడలు బిగుసుకుంటాయి, తోమిన గిన్నెలే మళ్ళీ తోముతుంది. కాసేపటికి వెళ్ళి భర్తను లేపి, ‘నామీద ఏం కోపం పెట్టుకొని మాట్లాడకుండా పడుకున్నావు’ అని అడుగుతుంది. ఆయన విసుక్కుంటాడు, మాటా మాటా పెరుగుతుంది. గొడవ అయిపోయాక ఆమెకు హాయిగా నిద్ర పడుతుంది.

ఇది బయటివాళ్ళకు వింతగా కనిపిస్తుంది. ఆ ఇంట్లో పెరిగినవాళ్ళకు వింత కాదు. ఆ నాయన అరుస్తున్నప్పుడు ఎక్కడున్నాడో తెలిసేది. మంచం మీద మాట్లాడకుండా కూర్చుంటేనే ఏమి జరగబోతుందో తెలిసేది కాదు. అరగంట మౌనం తర్వాతే మంచం కోడు ఊడొచ్చేది. కాబట్టి ఆ పిల్ల ఒంటికి నిశ్శబ్దం అంటే విశ్రాంతి కాదు, ముందస్తు హెచ్చరిక. రెండో సంగతి ఇంకా లోతైనది. ఆ ఇంట్లో నిజమైన నెమ్మది ఎప్పుడు దొరికేదంటే, గొడవ అయిపోయి నాయన పడిపోయిన తర్వాతే. అప్పుడు గాని అమ్మ కూతుర్ని దగ్గరికి తీసుకునేది కాదు, అప్పుడు గాని కన్ను మూతపడేది కాదు. ఆ విధంగా ఒళ్ళు ఒక లెక్క కట్టుకుంది: గొడవ కాకముందు నిద్ర లేదు, అయ్యాక ఉంది. ముప్పై ఏళ్ళ తర్వాత గొడవలేని ఇంట్లో ఆమె ఒళ్ళు అదే లెక్క ప్రకారం గొడవను తెచ్చుకుంటోంది. ఇది తెలియని భర్త ఆమెను గయ్యాళి అనుకుంటాడు. ఇది తెలియని ఆమె తనకు సుఖపడే రాత లేదనుకుంటుంది. ఇట్లా తాగుడు లేని ఎన్నో ఇళ్ళు కూడా తాగుడు వల్లనే చెడుతున్నాయి. ఏ సర్వే లెక్కలోకీ అవి రావు.

ఇంత జరుగుతున్నా మన మధ్య దీన్ని మాట్లాడనివ్వని మాటలు మూడున్నాయి. మూడింటితోనూ మాకు పేచీ ఉంది.

మొదటిది, ‘అదంతా అయిపోయింది కదా’ అనే మాట. నాయన పోయాడు, లేదా మాల వేసుకొని మానేశాడు, నువ్వు చదువుకొని ఉద్యోగం తెచ్చుకున్నావు, ఇంకా దాన్ని పట్టుకొని వేలాడతావెందుకు అంటారు. ఈ మాట అనేవాళ్ళు ఒంటిని పలకలాగా అనుకుంటున్నారు, తడిగుడ్డతో తుడిస్తే పోతుందని. భయం నేర్చుకున్న ఒంటి గురించి శాస్త్రం చాలాకాలంగా చెబుతున్నది వేరు. ఒకసారి గట్టిగా నేర్చుకున్న భయం చెరిగిపోదు. దాని పక్కన ‘ఇప్పుడు ఏమీ కాదు’ అనే కొత్త పాఠం మెల్లగా తయారవుతుంది. అడవిలో కొత్త దావ తొక్కితే పాత దావ మాయం కాదు. కొత్త దావన రోజూ నడిస్తే అది గట్టిపడుతుంది, పాతదాని మీద గడ్డి మొలుస్తుంది. నడవకపోతే పాతదే దావ. నాయన చావు గాని, సారాయి నిషేధం గాని, ఉద్యోగం గాని మనకోసం ఆ కొత్త దావ తొక్కి పెట్టవు.

రెండోది, ‘తాగుడు మన సంస్కృతి’ అనే మాట. ఇది మన రచయితల నోటినుంచే ఎక్కువగా వస్తుంది. జాతరలో పెద్దలకు ధార పోయడం, కల్లు కుండ చుట్టూ కూర్చొని పాడుకోవడం మన సంప్రదాయంలో ఉన్న మాట నిజమే, దాన్ని ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ మన నాయనలు తాగింది ఆ కుండలోది కాదు. మద్రాసు ఆబ్కారీ చట్టం 1886లోనే సారా కాచడాన్ని సర్కారు గుప్పిట్లో పెట్టుకుంది. మన చేతికి మళ్ళీ వచ్చింది వేలంపాటలో కాంట్రాక్టరు పాడుకున్న సారాయి. 1980ల్లో దాన్నే ‘వారుణి వాహిని’ అని పేరుపెట్టి ప్లాస్టిక్ పాకెట్లలో పోసి ఊరూరికీ పంపారు. పండుగకు కుండ తీసేవాళ్ళకు ప్రతి సాయంత్రం పాకెట్టు అలవాటైంది. పన్ను కోసం పెట్టిన వ్యాపారాన్ని మన తాతల ఆచారం కింద రాసుకుంటే లాభపడేది కాంట్రాక్టరూ ఖజానా. గాదె చాటు పిల్ల ఆ కవిత చదివితే తన భయానికి ఇక ఎవరి దగ్గరా చోటు లేదని అనుకుంటుంది.

మూడోది, ‘ఇంటి గుట్టు బయట పెట్టొద్దు’ అనే మాట. ఇది మన అమ్మలు చెప్పిన మాట. మన ఇళ్ళ గుట్టు బయటపడితే ఊరివాళ్ళు జాతి మొత్తాన్ని తాగుబోతులంటారని వాళ్ళ భయం, అది ఊరకే పుట్టిన భయం కాదు. అయినా ఆ గుట్టు పిల్లలకు ఏమి చేస్తుందో చూడాలి. అమెరికాలో క్లాడియా బ్లాక్ అనే ఆమె ఇట్లాంటి ఇళ్ళలో పెరిగినవాళ్ళతో పనిచేసి, 1981లో ఒక పుస్తకం రాసింది. ఆ ఇళ్ళలో ఎవరూ పైకి చెప్పని మూడు కట్టుబాట్లు ఉంటాయన్నది ఆమె: మాట్లాడకూడదు, నమ్మకూడదు, ఏమీ అనిపించకూడదు. సముద్రాల అవతల తెల్లవాళ్ళ ఇళ్ళలోనూ, బద్వేలు పక్క కొట్టంలోనూ అవే కట్టుబాట్లు ఉన్నాయంటే, ఈ జబ్బు మన జాతిది కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. జాతి పరువు కోసమని మూసిన నోరు చివరికి జాతి మీది నిందనే నిలబెడుతోంది.

ఇక ఆ నర్సు ఏమి చేసిందో చెబుతాం. ఇది మందు చీటీ కాదు. ఒక మనిషికి ఏడాది పట్టిన పని.

మొదట ఆమె ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుంది. దడ పుట్టినప్పుడల్లా నాలుగు సంగతులు రాసుకుంది. టైము ఎంత, అంతకుముందు ఏమి వినపడింది లేదా ఏది వినపడడం ఆగిపోయింది, ఒంట్లో ఎక్కడ పట్టేసింది, ఆ తర్వాత నిజంగా ఏమి జరిగింది. మూడు వారాలకు చూసుకుంటే దడ దాదాపుగా రెండు వేళల్లోనే వస్తోంది. ఒకటి దీపాలు పెట్టే వేళ, అంటే నాయన ఇంటికి వచ్చే వేళ. రెండోది ఆదివారం మధ్యాహ్నం. నాలుగో గడిలో మాత్రం అన్నిసార్లూ ఒకటే మాట ఉంది: ఏమీ కాలేదు. ఆ మాట ఎవరైనా పైనుంచి చెబితే ఆమె నమ్మేది కాదు. తన చేతిరాతలో వరసగా చూసేసరికి కొట్టిపారేయలేకపోయింది.

తర్వాత ఆమె నెమ్మదిని మందులాగా కొలిచి తీసుకోవడం మొదలుపెట్టింది. ధ్యానం చేయమని ఎవరో చెబితే కళ్ళు మూసుకొని కూర్చుంది, దడ రెండింతలైంది. ఇది చాలామందికి జరుగుతుంది. కాపలావాడిని కళ్ళు మూసుకోమంటే వాడు ఇంకా బెదురుతాడు. కాబట్టి ఆమె కళ్ళు తెరుచుకొనే, వీపు గోడకు ఆనించి, వీధి కనిపించేటట్టు అరుగు మీద కూర్చుంది. చేతికి పని ఉండాలని వేరుసెనక్కాయలు ఒలిచింది. ఆదివారం అయిదు నిమిషాలు, అంతే. దడ వస్తే లేచిపోలేదు, గొడవా తేలేదు. నాలుగు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదిలింది. పీల్చినదానికంటే వదిలేది నిదానంగా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. దడ ఎక్కుతుంది, ఒకచోట నిలుస్తుంది, దిగుతుంది. దిగేదాకా కూర్చుంటేనే ఒంటికి కొత్త పాఠం అందుతుంది. ఎక్కుతున్నప్పుడే లేచి పోతే, లేచినందుకే బతికానని ఒళ్ళు పాత లెక్కనే ఖాయం చేసుకుంటుంది. అయిదు నిమిషాలు పది కావడానికి రెండు నెలలు పట్టింది. అరగంట కావడానికి ఎండాకాలం పోయి వానలు వచ్చాయి.

భర్తకూ కొంత పని పడింది. సందు మొగలోనే బిడ్డను పేరుపెట్టి పిలుస్తూ వస్తాడు. ఆలస్యమైతే ఫోన్ చేస్తాడు. వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేయడు. నడుం వాల్చేముందు ‘ఒక గంట పడుకుంటా, కోపమేమీ లేదు’ అని చెబుతాడు. మొదట్లో ఇది ఆయనకు నాటకంలాగా అనిపించింది. కానీ ఆ ఇంట్లో నిశ్శబ్దానికి మొదటిసారి ఒక అర్థం దొరికింది. ఇంత సేపు, ఈ కారణానికి అని ముందే తెలిసిన నిశ్శబ్దం వేరు, ఎందుకో తెలియని నిశ్శబ్దం వేరు. రాత్రి ఆమె తలుపు గొళ్ళెం నాలుగుసార్లు చూసేది. దాన్ని ఒక్కసారికి తగ్గించుకుంది, వేసేటప్పుడు ‘గొళ్ళెం వేశాను’ అని పైకి అనుకొని పడుకుంది. మళ్ళీ లేవాలనిపించినా లేవలేదు.

ఏడాది చివర తండాలో పెళ్ళికి పోయింది. అక్కడ సారా వాసన తగిలింది, వెనక ఎవరిదో సైకిలు కింద పడింది. రెండు వారాలు నిద్ర పోయింది. మళ్ళీ మొదటికే వచ్చిందని ఏడ్చింది. మొదటికి రాలేదు. పాత దావ ఉన్నదని గుర్తొచ్చింది, అంతే. ఈసారి అయిదు నిమిషాల నుంచి అరగంటకు రావడానికి మూడు ఆదివారాలే పట్టాయి. వాసన, పాట, పండగ, చావు, ఏదైనా పాత దావ మీదికి లాగొచ్చు. అట్లా లాగిన రోజును ఓటమి అనుకుంటే చాలామంది అక్కడే ఆపేస్తారు, అందుకే ఈ సంగతి దాచకుండా చెబుతున్నాం.

దీనికి ఒక హద్దు ఉంది. దాన్ని చెప్పకపోతే ఈ వ్యాసం హాని చేస్తుంది. తాగేమనిషి ఇంకా ఆ ఇంట్లోనే ఉండి, చెయ్యి చేసుకుంటూ ఉంటే, అక్కడ చెవులు రిక్కించడం జబ్బు కాదు, అవసరం. అట్లాంటి ఇంట్లో ఉన్న పిల్లకు గాలి పీల్చి వదలమని చెప్పడం దుర్మార్గం. అక్కడ ముందు కావలసింది రక్షణ. పిల్లల కోసం 1098, ఆడవాళ్ళ కోసం 181 నంబర్లున్నాయి. పొరుగున రాత్రిపూట తలుపు తీసే ఇల్లు ఒకటి ముందే అనుకొని పెట్టుకోవాలి. నెమ్మది నేర్చుకునే పని ప్రమాదం దాటిన తర్వాతది. ప్రమాదం దాటినా వారాల తరబడి నిద్ర లేకపోతే, పాత సంగతులు కళ్ళముందే జరుగుతున్నట్టు కనిపిస్తే, చావాలనిపిస్తే, నిద్ర కోసం తామే సీసా పట్టుకుంటే, ఒంటరిగా నోటుబుక్కుతో కూర్చోకూడదు. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. కడప సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. నిద్ర పట్టకపోతే ఒక క్వార్టర్ వేసుకొమ్మనే స్నేహితుడు మన చుట్టూ ఎప్పుడూ ఉంటాడు. ఆ సలహాతోనే నాయన కొట్టం కొడుకు ఇంట్లో మళ్ళీ లేస్తుంది.

టీచర్లుగా మన గురించి కూడా మాట్లాడుకోవాలి. అట్లాంటి ఇంటినుంచి వచ్చే పిల్ల తరగతిలో అల్లరి చేయకపోవచ్చు. చాలాసార్లు ఆ పిల్లే అందరికంటే బుద్ధిమంతురాలు. చెప్పకముందే బోర్డు తుడుస్తుంది, తమ్ముళ్ళను వెంటబెట్టుకొస్తుంది, మన ముఖం చూసి మన కోపం కనిపెడుతుంది. మనం మురిసిపోయి లీడరును చేస్తాం. ఆ పిల్లకు ఇంటి దగ్గర ఒక కాపలా ఉంటే బడిలో ఇంకొకటి ఇచ్చినవాళ్ళమవుతాం. కాబట్టి అట్లాంటి పిల్లకు బాధ్యత తగ్గించి ఆట పెంచాలి. గోల తగ్గించడానికి డస్టరుతో బల్లమీద కొట్టడం మానాలి. ఆ దెబ్బకు ముప్పైమంది నోరు మూస్తారు, ఆ మూల ఇద్దరు ఊపిరి బిగబడతారు. హాస్టల్లో రాత్రి తనిఖీకి పోయేటప్పుడు టార్చి ముఖం మీద వేయకుండా, వరండాలోనే మాట వినిపిస్తూ పోవాలి. పరీక్ష ఎప్పుడో, ఎవరిని పిలుస్తామో, ఎందుకు కోపం వచ్చిందో ముందుగా చెప్పాలి. పిల్ల ఒకరోజు నోరు విప్పితే సాయంత్రానికే తండ్రిని పిలిపించి నిలదీయకూడదు, ఆ రాత్రి దాని ఫలితం పిల్ల ఒంటి మీద పడుతుంది. ముందు వినాలి, తర్వాత ఆ పిల్లకు దగ్గరి పెద్దలెవరో కనుక్కోవాలి. దెబ్బల సంగతైతే 1098కి చెప్పాలి.

ఒక్క టీచరుతో ఏమవుతుందని అడిగేవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. హవాయి దీవుల్లో కవాయ్ అనే దీవి ఉంది. 1955లో అక్కడ పుట్టిన పిల్లలను ఎమ్మీ వెర్నర్ అనే పరిశోధకురాలు పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చింది. తాగుడు ఉన్న ఇళ్ళలో పుట్టిన పిల్లల్లో సగం కంటే ఎక్కువమంది పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి పెద్ద ఇబ్బందులేవీ లేకుండా నిలదొక్కుకున్నారు. కష్టాల మధ్య పెరిగి నిలదొక్కుకున్న పిల్లల వెనక తరచుగా మాట తప్పని పెద్దమనిషి ఒకరున్నారు. తాతో, జేజో, బళ్ళో టీచరో. తాగుబోతు బిడ్డ తాగుబోతే అవుతాడని స్టాఫ్ రూములో తేలిగ్గా అనేసే మాటకు ఇది జవాబు.

చివరగా ప్రభుత్వంతో మన తగాదా. 1996 నాటి పీసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మద్యం అమ్మకాన్ని ఆపే, తగ్గించే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. కడప జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. ఇక్కడి యానాదులకు, ఎరుకలకు, సుగాలీలకు ఎస్టీ సర్టిఫికెట్ ఉంది, తమ గూడెం మొగలో షాపు వద్దనే అధికారం లేదు. షాపు వచ్చేముందు మన గూడేల, తండాల ఒప్పుకోలు తీసుకోవాలని మనం అడగాలి. అది ఒక్కటే అడిగితే 1993 మళ్ళీ వస్తుంది, కొట్టు మూస్తారు, పిల్లలను మర్చిపోతారు. మద్యం మీద వచ్చే పన్నులోంచే ప్రతి ఆశ్రమ పాఠశాలకు, గిరిజన హాస్టలుకు పిల్లల మాట వినడం నేర్చిన కౌన్సెలరును పెట్టాలి. ఆ మనిషికి మన భాషల్లో ఒకటైనా వచ్చి ఉండాలి. నెలకోసారి వచ్చి సంతకం పెట్టి పోయే మనిషి కాకూడదు, అక్కడే ఉండాలి. ఆ డబ్బు మన నాయనల జేబుల్లోంచి పోయిన డబ్బు, అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ప్రభుత్వం ఇచ్చేదాకా ఆగకుండా మనం చేయగలిగింది కూడా ఉంది. మన సంఘం సమావేశాల్లో తీర్మానాలు చదివాక ఒక గంట మిగులుతుంది. ఆ గంటలో తాగేవాళ్ళ గురించి కాకుండా, ఆ ఇళ్ళలో పెరిగినవాళ్ళం మన గురించి మాట్లాడుకోవాలి. ఏ చప్పుడుకు ఒళ్ళు ఉలిక్కిపడుతుందో, ఏ వేళకు ఊపిరి అందదో ఒకరికొకరం చెప్పుకోవాలి. సైకిలు చప్పుడు గురించి ఒకరు చెబితే, మా ఇంట్లో అది చెప్పుల చప్పుడని ఇంకొకరు అంటారు. చెప్పినవాళ్ళ మాట ఆ గది దాటకూడదు. వచ్చే నెల సమావేశం ఎజెండా కాగితం మీద ఈ గంటను రాసి పంపండి.